డబ్బు అడుగుతున్నది మిత్రుడేనా?

స్నేహితుడి పేరు, ఫొటో ఉన్న ఖాతా నుంచి “అర్జెంటుగా డబ్బు కావాలి” అని మెసేజ్ వస్తే దాని వెనుక ముగ్గురిలో ఎవరో ఒకరు ఉంటారు. నిజంగా ఆ స్నేహితుడే కావచ్చు. అతని పేరు, ఫొటో ఎత్తుకుపోయి వాటితో కొత్త ఖాతా తెరిచినవాడు కావచ్చు. లేదా స్నేహితుడి అసలు ఖాతాలోకే చొరబడి, అతని స్థానంలో కూర్చుని రాస్తున్నవాడు కావచ్చు. రెండో రకం మోసగాడు ఖాతాను కాస్త జాగ్రత్తగా చూస్తే దొరికిపోతాడు. మూడో రకం వాడు అలా దొరకడు, ఎందుకంటే అక్కడ ఖాతా అసలుదే, పాత సంభాషణ అసలుదే, సేవ్ చేసుకున్న పేరూ అసలుదే.

అందువల్ల ఈ విషయంలో ఒక తేడాను మొదటే గుర్తించాలి. మెసేజ్ వచ్చిన చాట్‌లో కనిపించే గుర్తులు మోసాన్ని బయటపెట్టగలవు. అవతల ఉన్నది స్నేహితుడేనని మాత్రం అవి రుజువు చేయలేవు. ఆ రుజువు ఎప్పుడైనా చాట్‌కు బయట, మెసేజ్ రాకముందే తెలిసిన దారిలో దొరకాల్సిందే.

ఫొటో అతనిది, ఖాతా కాదు

నకిలీ ఖాతా తెరవడానికి సాంకేతిక నైపుణ్యం అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో ఒకరి ప్రొఫైల్ ఫొటో, ఊరు, చదువుకున్న కాలేజీ, స్నేహితుల జాబితా అందరికీ కనిపిస్తుంటే చాలు. మోసగాడు ఆ ఫొటోను దించుకుని, అదే పేరుతో ఖాతా తెరిచి, జాబితాలో ఉన్నవారందరికీ ఫ్రెండ్ రిక్వెస్టులు పంపుతాడు. ఒప్పుకున్నవారిని ముందు “ఎలా ఉన్నారు?” అని పలకరిస్తాడు, కాసేపటికి డబ్బు అడుగుతాడు. కలెక్టర్లు, పోలీసు అధికారుల పేర్లతో కూడా ఇలాంటి ఖాతాలు తరచూ పుడుతుంటాయి. వాటిలో బాగా తిరిగే కథ ఒకటుంది: తనకు తెలిసిన కేంద్ర బలగాల అధికారికి బదిలీ అయిందని, ఇంట్లోని ఫర్నిచర్ చవగ్గా అమ్మేస్తున్నాడని, ముందు డబ్బు పంపితే లారీలో సామాను వస్తుందని.

ఈ రకాన్ని గుర్తుపట్టడానికి మొదట చూడాల్సింది సొంత స్నేహితుల జాబితా. ఆ వ్యక్తి అందులో ఇప్పటికే ఉండి, ఏళ్ల నాటి పోస్టులు, కలిసి దిగిన ఫొటోలు పాత ఖాతాలో కనిపిస్తుంటే, కొత్త ఖాతా ఎందుకు పుట్టిందో ఆరా తీయాలి. “పాత అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయా” అన్నది ఇక్కడ మామూలుగా వచ్చే జవాబు. అది నిజమూ కావచ్చు, కాబట్టి దానితో ఏదీ తేలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పై భాగాన ఉన్న మూడు చుక్కల్లోకి వెళ్తే About this account అనే చోట ఆ ఖాతా ఏ నెలలో, ఏ ఏడాదిలో మొదలైందో ఉంటుంది. పదేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్ వాడుతున్న మనిషి ఖాతా నిరుడో మొన్నో మొదలైనట్టు చూపిస్తే అది అతని పాత ఖాతా కాదు. యూజర్‌నేమ్‌ను అక్షరం అక్షరం చదవడం కూడా పనికొస్తుంది. ఒక అక్షరం రెండుసార్లు పడటం, చివర ఒక గీత లేదా అంకె చేరడం నకిలీ ఖాతాల్లో ఎక్కువ.

వాట్సాప్‌లో తేడా నంబరు దగ్గర తెలుస్తుంది. ఫోన్‌లో సేవ్ చేసిన నంబరు నుంచి మెసేజ్ వస్తే, సేవ్ చేసుకున్నవారు పెట్టిన పేరే తెరమీద కనిపిస్తుంది. అవతలివారు దాన్ని మార్చలేరు. సేవ్ చేయని నంబరుకు మాత్రం అంకెలు కనిపిస్తాయి, వాటితోపాటు అవతలివారు తమకు తాముగా పెట్టుకున్న పేరు ~ గుర్తుతో రావచ్చు. ఆ పేరునూ, పక్కనున్న ఫొటోనూ ఎవరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి “ఇది నా కొత్త నంబర్, సేవ్ చేసుకో” అంటూ మొదలై డబ్బు దగ్గర ఆగే సంభాషణను, ఫొటో ఎంత తెలిసినదైనా, అపరిచితుడితో సంభాషణగానే చూడాలి. పాత నంబరుకు ఒక కాల్ చేస్తే చాలావరకు విషయం అక్కడే తేలిపోతుంది.

ఖాతా అతనిదే, రాసేది వేరొకరు

అసలు ఖాతా మోసగాడి చేతికి చిక్కడం ఇంతకంటే చిక్కైన సంగతి. వాట్సాప్ విషయంలో ఇది ముఖ్యంగా రెండు దారుల్లో జరుగుతుంది. ఈ రెండింటి తేడా తెలిస్తే చాట్‌లో ఏ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

మొదటి దారి, ఖాతాను మరో ఫోన్‌లోకి మార్చేయడం. వాట్సాప్‌ను ఏ ఫోన్‌లో తెరవాలన్నా ఆ నంబరుకు ఆరంకెల కోడ్ వస్తుంది. మోసగాడు తన ఫోన్‌లో స్నేహితుడి నంబరు కొట్టి, ఆ కోడ్‌ను ఏదో ఒక సాకుతో అతని నుంచి రాబడతాడు. “నీ నంబరుకు పొరపాటున నా కోడ్ వచ్చింది, కాస్త చెప్పవా” అన్నది పాత ఎత్తు. ఆ అడిగేది కూడా చాలాసార్లు అప్పటికే చేజిక్కించుకున్న మరో మిత్రుడి ఖాతా నుంచే అడుగుతాడు. ఇంకో ఎత్తు కాల్ ఫార్వర్డింగ్. కొరియర్ వాళ్లమనో, టెలికాం సంస్థ వాళ్లమనో ఫోన్ చేసి *401* లేదా 21* తో మొదలయ్యే కోడ్ పక్కన ఒక నంబరు కలిపి డయల్ చేయమంటారు. డయల్ చేశాక స్నేహితుడికి రావాల్సిన కాల్స్ మోసగాడి ఫోన్‌కు మళ్లుతాయి. వాట్సాప్ కోడ్‌ను ఫోన్ కాల్ ద్వారా కూడా తెప్పించుకోవచ్చు గనుక ఆ కాల్ నేరుగా అతని చెవిన పడుతుంది. ఇలా డయల్ చేసే కాల్ ఫార్వర్డింగ్‌ను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని టెలికాం శాఖ సంస్థలను ఆదేశించడానికి కారణం ఈ తరహా మోసాలే.

ఈ మొదటి దారిలో స్నేహితుడి ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అయిపోతుంది, కాబట్టి ఏదో జరిగిందని అతనికి తెలుస్తుంది. మోసగాడి ఫోన్‌లోకి పాత సంభాషణలు వాటంతట అవి రావు. గ్రూపుల పేర్లు, వాటిలోని నంబర్లు, అప్పటి నుంచి వచ్చే మెసేజ్‌లు మాత్రమే అతనికి కనిపిస్తాయి. ఎవరితో ఎంత చనువో తెలియక గ్రూపుల్లోని వారందరికీ ఒకే రకం మెసేజ్ పంపుతుంటాడు.

రెండో దారి Linked devices. ఫోన్‌లోని వాట్సాప్‌ను కంప్యూటర్‌కు కలుపుకునే సౌకర్యం ఇది. మోసగాడు ఏదో లింకు పంపి, “ఇందులో మీ ఫొటో ఉంది చూడండి” అని ఊరించి, అక్కడ ఫోన్ నంబరు కొట్టించి, తెరమీద చూపిన కోడ్‌ను స్నేహితుడి చేతనే వాట్సాప్‌లో వేయిస్తాడు. దాంతో మోసగాడి కంప్యూటర్ ఆ ఖాతాకు జత అయిపోతుంది. స్నేహితుడి ఫోన్‌లో వాట్సాప్ యథాతథంగా పనిచేస్తూ ఉంటుంది, కాబట్టి అతనికి అనుమానం రాదు. పైగా పాత సంభాషణలు మోసగాడికి కనిపిస్తాయి. స్నేహితుడు ఎవరిని “ఒరేయ్” అంటాడో, ఎవరిని “అన్నా” అంటాడో, పోయిన నెలలో ఎవరింట్లో ఏం జరిగిందో చదివి మరీ రాయగలడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డు పోయినప్పుడూ పాత చాట్‌లు ఇలాగే చాలావరకు అతని ముందుంటాయి.

వాట్సాప్‌లో అవతలి ఖాతా కొత్త ఫోన్‌లోకి మారినా, దానికి కొత్త పరికరం జత అయినా, చాట్ మధ్యలో సెక్యూరిటీ కోడ్ మారిందని ఒక చిన్న వాక్యం కనిపించవచ్చు. దీన్ని అందరూ చూడాలంటే సెట్టింగ్స్‌లో Security notifications ఆన్ చేసి ఉండాలి. ఆ వాక్యం కనిపించిన కాసేపటికే డబ్బు అడిగితే అది గట్టి హెచ్చరిక. అయితే కొత్త ఫోన్ కొన్నా, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా అదే వాక్యం వస్తుంది. అది కనిపించకపోయినంత మాత్రాన ఖాతా భద్రంగా ఉందనీ కాదు.

మెసేజ్‌ను చదివే తీరు

ఉదాహరణకు హైదరాబాద్‌లోని ఒక ఉద్యోగికి, గుంటూరులో ఉండే డిగ్రీ నాటి స్నేహితుడి వాట్సాప్ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు ఇలా వచ్చిందనుకుందాం: “హాయ్, బిజీనా? నా యూపీఐ పనిచేయడం లేదు. హాస్పిటల్‌లో ఉన్నా. ఒక 20 వేలు ఈ నంబరుకు ఫోన్‌పే చెయ్యి, పొద్దున్నే వేసేస్తా. మాట్లాడటం కుదరదు, ఇక్కడ ఫోన్ ఎత్తనివ్వరు.”

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. హాస్పిటల్ అన్న మాట కాదనలేని కారణాన్ని ఇస్తుంది. యూపీఐ పనిచేయడం లేదన్న మాట డబ్బు వేరే నంబరుకు ఎందుకు పంపాలో ముందే చెప్పేస్తుంది. పొద్దున్నే వేసేస్తానన్న మాట ఇది పెద్ద సాయమేమీ కాదనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం చివరి వాక్యం. నిజానిజాలు తేల్చుకోగల ఒకే ఒక్క దారిని, అంటే గొంతును, అది ముందుగానే మూసేస్తుంది. డబ్బు అవసరం, తొందర, మూడో మనిషి ఖాతా అనే మూడూ నిజమైన ఆపదలోనూ ఉండొచ్చు. వాటికి “ఫోన్ చేయొద్దు” లేదా “ఎవరికీ చెప్పొద్దు” అన్నది తోడైతే మెసేజ్ ఉద్దేశం మీద అనుమానం గట్టిపడాలి. ఆపదలో ఉన్నవాడు సాధారణంగా మాట్లాడాలనే చూస్తాడు.

భాష కూడా కొంత చెబుతుంది. ఇరవయ్యేళ్లుగా “ఏరా” అని పిలిచే మిత్రుడు “హాయ్, బిజీనా” అని మొదలుపెట్టడం, ఎప్పుడూ తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాడు ఉన్నట్టుండి పూర్తి ఇంగ్లిష్‌లోకో హిందీలోకో మారడం, వరసపెట్టి పిలిచే చోట పేరు మాత్రమే రాయడం గమనించదగ్గ తేడాలు. అనువాద యాప్‌తో తయారైన తెలుగులో “నువ్వు”, “మీరు” ఒకే మెసేజ్‌లో కలిసిపోతుంటాయి. కానీ పైన చెప్పినట్టు పాత చాట్‌లు చదవగలిగిన మోసగాడు పిలుపును అనుకరించగలడు. భాష తేడాగా ఉంటే ఆగిపోవడానికి అది చాలు. తేడా లేకపోతే మాత్రం దాన్ని అభయంగా తీసుకోకూడదు.

పరీక్షగా ప్రశ్న అడగాలనుకునేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. “మా అబ్బాయి పేరేంటి?”, “మనం ఏ కాలేజీ?” లాంటివి ఫేస్‌బుక్‌లో దొరికే జవాబులు. పుట్టినరోజు, పెళ్లిరోజు, సొంతూరు కూడా అంతే. ఏ చాట్‌లోనూ రాయని, ఏ ఫొటోలోనూ లేని సంగతి మాత్రమే ప్రశ్నగా పనికొస్తుంది. హాస్టల్‌లో వంటాయనకు పెట్టిన ముద్దుపేరు, ఇద్దరూ కలిసి బస్సు తప్పిపోయిన ఊరు వంటివి. ఇంతకంటే సులువైనది, జరగని సంగతిని జరిగినట్టు అడగడం. “మొన్న నువ్వు తీసుకెళ్లిన మా బండి తాళం నీ దగ్గరే ఉందా?” అంటే, అసలు స్నేహితుడు “ఏ తాళం?” అంటాడు. మోసగాడు “ఆ, ఉంది, తర్వాత ఇస్తా, ముందు డబ్బు చూడు” అని దాటేసే అవకాశం ఎక్కువ. అయినా మోసగాడు అదృష్టవశాత్తూ సరైన జవాబు చెప్పవచ్చు. కాబట్టి ఈ ప్రశ్నలు కూడా అనుమానాన్ని పెంచడానికే తప్ప, డబ్బు పంపడానికి అనుమతి పత్రాలు కావు.

డబ్బు ఎవరి పేరిట వెళ్తోంది

యూపీఐలో పంపే ముందు తెరమీద గ్రహీత పేరు కనిపిస్తుంది. ఎన్‌పీసీఐ నిబంధన ప్రకారం 2025 జూన్ 30 నుంచి ఆ పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నదే కావాలి, వాడేవారు తమ ఇష్టానుసారం పెట్టుకున్నది కాకూడదు. గుంటూరు స్నేహితుడి పేరుతో వచ్చిన మెసేజ్‌లోని నంబరు కొట్టగానే ఎక్కడో దూర రాష్ట్రంలోని అపరిచితుడి పేరు కనిపిస్తే అక్కడ వేలు ఆగాలి. మోసగాళ్లు సొంత ఖాతాలు వాడరు. కమీషన్ ఆశ చూపి వేరొకరి పేరిట తీసుకున్న మ్యూల్ ఖాతాలను వాడతారు. అందుకే “అది డాక్టర్ అకౌంట్”, “మా కొలీగ్ నంబర్” వంటి వివరణలు సిద్ధంగా ఉంటాయి.

పేరు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందరూ చిన్నా అనో, బుజ్జి అనో పిలిచే మనిషికి బ్యాంకులో ఇంటిపేరుతో కూడిన పొడవాటి పేరు ఉంటుంది. భార్య ఖాతా పుట్టింటి ఇంటిపేరుతో ఉండొచ్చు. పేరు కలవకపోవడం ఒక్కటే మోసానికి రుజువు కాదు. మెసేజ్‌తోపాటు వచ్చే క్యూఆర్ కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని స్కాన్ చేసినా చివరికి కనిపించే పేరును చదవాల్సిందే.

ఇక్కడే ఒక మంచి పరీక్ష ఉంది. స్నేహితుడికి గతంలో డబ్బు పంపిన నంబరు యూపీఐ యాప్‌లో ఉంటే, ఆ పాత లావాదేవీలు అక్కడే కనిపిస్తాయి. “ఆ కొత్త నంబరు వద్దులే, ఎప్పుడూ వేసే నంబరుకే వేస్తా” అని చెప్పి చూడవచ్చు. వాట్సాప్ చేజిక్కినంత మాత్రాన యూపీఐ మోసగాడికి చిక్కదు. యూపీఐ యాప్ స్నేహితుడి సిమ్‌కూ, అతని ఫోన్‌కూ ముడిపడి ఉంటుంది, పైగా పిన్ కావాలి. కాబట్టి పాత నంబరుకు పంపిన డబ్బు సాధారణంగా స్నేహితుడి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మోసగాడు ఈ మాటకు ఒప్పుకోడు. “ఆ అకౌంట్ బ్లాక్ అయింది”, “లిమిట్ అయిపోయింది” అంటాడు. దీనికీ ఒక హద్దు ఉంది: ఫోన్ పోయి పిన్ కూడా తెలిసిపోయినా, పెళ్లి పత్రిక పేరుతోనో చలానా పేరుతోనో వచ్చిన ఏపీకే ఫైలును స్నేహితుడు తన ఫోన్‌లో వేసుకుని ఉన్నా, ఆ ఖాతా కూడా ప్రమాదంలో ఉన్నట్టే.

చాట్ బయట దొరికే రుజువు

చివరకు నిజం తేలేది స్నేహితుడితో మాట్లాడినప్పుడు. ఆ మాట్లాడే దారిని ఎంచుకునేది డబ్బు పంపాల్సినవారే కావాలి, డబ్బు అడుగుతున్నవారు కాకూడదు. చాట్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు కాల్ చేస్తే మోసగాడితోనే మాట్లాడినట్టవుతుంది. వాట్సాప్ కాల్ కూడా ఆ ఖాతా ఎవరి చేతిలో ఉందో వారికే వెళ్లవచ్చు. ఫోన్‌లో ముందునుంచీ సేవ్ అయి ఉన్న నంబరుకు మామూలు కాల్ చేయాలి. అది వాట్సాప్‌తో సంబంధం లేకుండా సిమ్ ద్వారా వెళ్తుంది.

ఈ కాల్‌కు నాలుగు రకాల ఫలితాలు ఉంటాయి. స్నేహితుడు ఎత్తి “నేనెక్కడ అడిగాను?” అంటే విషయం ముగిసింది. ఎత్తి “అవునురా, అర్జెంటు” అంటే ఆ గొంతుతో రెండు నిమిషాలు మాట్లాడాలి: ఏ హాస్పిటల్, ఎవరికి బాగాలేదు, పక్కన ఎవరున్నారు అని. మూడోది, ఎవరూ ఎత్తకపోవడం. అప్పుడు చాట్‌లో “ఇప్పుడే కాల్ చేశా” అని రాయకుండా ఊరుకుంటే మంచిది. సిమ్‌కు వచ్చిన మిస్డ్ కాల్ మోసగాడికి మామూలుగా కనిపించదు. చాట్‌లో రాస్తున్న మనిషికి తన ఫోన్ మోగిన సంగతే తెలియకపోతే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. నాలుగోది అరుదైనా తెలుసుకోవాల్సింది. కాల్ ఫార్వర్డింగ్ పెట్టించి ఖాతా కొట్టేసిన సందర్భంలో మామూలు కాల్ కూడా మోసగాడికే వెళ్లవచ్చు. తెలియని గొంతు ఎత్తి “ఆయన పక్కనే ఉన్నారు, మాట్లాడలేరు” అన్నా, ఎత్తగానే కట్ చేసినా ఈ అవకాశాన్ని గుర్తుంచుకోవాలి.

చివరి రెండు సందర్భాల్లో రెండో మనిషి కావాలి. భార్య లేదా భర్త, తమ్ముడు, ఆఫీసులో సహోద్యోగి, అదే ఊళ్లో ఉండే మరో మిత్రుడు. నిజంగా హాస్పిటల్‌లో ఉంటే ఆ సంగతి ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవారి పేరుతో వచ్చే మెసేజ్‌ల దగ్గర ఇది మరీ అవసరం. అక్కడ అర్ధరాత్రి అయినప్పుడు అసలు మనిషి నిద్రలో ఉంటాడు. అతని ఫోన్ మోగినా ఎత్తడు, తన పేరుతో ఏం జరుగుతోందో తెలియదు. అక్కడే ఉన్న కుటుంబ సభ్యులనో, ఇక్కడ ఉన్న తల్లిదండ్రులనో అడిగితే ఆ మనిషి ఎలా ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది. ఎవరూ దొరకకపోతే డబ్బు పంపకుండా వేచి ఉండటమే సరైన నిర్ణయం. నిజమైన స్నేహితుడైతే ఆలస్యానికి కారణం చెబితే అర్థం చేసుకుంటాడు. యూపీఐలో వెళ్లిన డబ్బును మాత్రం పంపినవారు తమంతట తాము వెనక్కి తీసుకోలేరు.

వీడియోలో ముఖం కనిపిస్తే?

గొంతు, ముఖం కూడా అదే దారిలో వస్తే నమ్మలేమని 2023 జులైలో కేరళలోని కోజికోడ్‌లో బయటపడిన కేసు చూపించింది. కోల్ ఇండియాలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగికి, గతంలో తనతో పనిచేసిన ఆంధ్రప్రదేశ్ సహోద్యోగి ఫొటోతో తెలియని నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. రాసేవాడు ఇద్దరికీ తెలిసిన పాత మిత్రుల గురించి మాట్లాడాడు. తాను దుబాయ్ విమానాశ్రయంలో ఉన్నానని, ఇండియాలో దగ్గరి బంధువుకు అత్యవసరంగా ఆపరేషన్ జరగాలని, 40,000 రూపాయలు కావాలని అడిగాడు.

రిటైరైన ఉద్యోగి గుడ్డిగా పంపలేదు. మోసమేమో అని అనుమానించి, మాట్లాడాలన్నాడు. వెంటనే వీడియో కాల్ వచ్చింది. తెరమీద పాత సహోద్యోగి ముఖం దగ్గరగా కనిపించింది, పెదవులు, కళ్లు కదిలాయి. కొన్ని సెకన్లలోనే కాల్ ఆగిపోయింది. ముఖం చూశాక అనుమానం తీరి 40,000 పంపాడు. కాసేపటికి మరో 35,000 అడిగేసరికి అనుమానం తిరిగొచ్చింది. ఈసారి తన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అసలు మిత్రుడికి ఏ సంగతీ తెలియదు. ఆ వీడియో డీప్‌ఫేక్, అంటే ఫొటో నుంచి కృత్రిమంగా కదలిక పుట్టించిన ముఖం. ఫిర్యాదు అందాక కేరళ పోలీసులు డబ్బు చేరిన ఖాతాను మహారాష్ట్రలో గుర్తించి దాన్ని స్తంభింపజేశారు.

ఈ కేసులో బాధితుడు పరీక్ష చేశాడు. అయితే ఆ పరీక్షను మోసగాడు ఎంచుకున్న నంబరులోనే, అతను నడిపిన కాల్‌లోనే చేశాడు. రెండోసారి పాత నంబరుకు చేసిన ఒక్క కాల్‌తో నిజం తేలింది. ఆ కాల్ మొదటే చేసి ఉంటే వీడియో అవసరమే ఉండేది కాదు. ఇంకో గుర్తు కూడా ఇందులో ఉంది: ఒకసారి పంపగానే మళ్లీ అడగడం. మొదటి మొత్తం సులువుగా వస్తే మోసగాడు అక్కడితో ఆగడు. తెలియని నంబరు నుంచి వచ్చే వీడియో కాల్ పొట్టిగా ఉండి, ముఖం మాత్రమే కనిపించి, నెట్‌వర్క్ బాగాలేదంటూ తెగిపోతే దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

తేలిన తర్వాత

అడిగింది నిజంగా స్నేహితుడేనని తేలితే, మాట్లాడినప్పుడే అతని నోటితోనే నంబరు చెప్పించుకుని, ముందు ఒక రూపాయి పంపి, అందిందని అదే కాల్‌లో నిర్ధారించుకుని మిగతాది పంపవచ్చు. హాస్పిటల్ ఖర్చయితే నేరుగా హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌కు చెల్లించడం కూడా ఒక దారి.

మోసమని తేలితే మోసగాడితో వాదన పెట్టుకోకుండా, ముందు ఆ చాట్, నంబరు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. తర్వాత స్నేహితుడికి ఫోన్‌లో చెప్పాలి. ఇద్దరికీ తెలిసిన గ్రూపుల్లో హెచ్చరిక పెట్టాలి, లేకపోతే అదే మెసేజ్ మరొకరి దగ్గర ఫలిస్తుంది. నకిలీ ఖాతా అయితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వేరొకరిలా నటిస్తున్నారన్న కారణంతో రిపోర్ట్ చేయాలి. అసలు మనిషి, అతని మిత్రులు కూడా చేస్తే మేలు.

వాట్సాప్ చేజిక్కిందని తెలిసిన స్నేహితుడు తన నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే, కొత్త ఆరంకెల కోడ్ అతని సిమ్‌కే వస్తుంది, మోసగాడి ఫోన్‌లో ఖాతా మూతపడుతుంది. అంతకుముందు ##002# డయల్ చేసి కాల్ ఫార్వర్డింగ్ అంతా తీసేయడం మంచిది. మోసగాడు ఈలోగా టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి ఉంటే, పిన్ లేకుండా లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాలి. అయినా కోడ్ కొట్టిన క్షణం నుంచే మోసగాడు బయటకు వెళ్లిపోతాడు. Linked devices ద్వారా దూరినవాడైతే, ఆ జాబితా తెరిచి తెలియని పరికరాన్ని లాగౌట్ చేస్తే సరిపోతుంది. ఆ తర్వాత తనదైన పిన్‌ను తానే పెట్టుకోవాలి.

డబ్బు వెళ్లిపోయి ఉంటే ప్రతి నిమిషమూ లెక్కే. మ్యూల్ ఖాతాలో పడిన మొత్తం అక్కడి నుంచి మరికొన్ని ఖాతాలకు చీలిపోయి, ఏటీఎంలలో నగదుగా మారిపోతుంది. అలా మారకముందే జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు కాల్ చేస్తే, ఆ సమాచారం బ్యాంకులకు చేరి, ఇంకా మిగిలి ఉన్న డబ్బును నిలిపే వీలుంటుంది. ఫిర్యాదును cybercrime.gov.in లోనూ ఇవ్వవచ్చు. పంపిన బ్యాంకు పేరు, మొత్తం, తేదీ, సమయం, గ్రహీత యూపీఐ ఐడీ లేదా నంబరు, లావాదేవీ వివరాల్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకుంటే కాల్ త్వరగా ముగుస్తుంది. సొంత బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. పిన్ కొట్టింది ఖాతాదారే గనుక బ్యాంకు దాన్ని తనంతట తాను రద్దు చేయదు. డబ్బు కదిలే వేగం కంటే ఫిర్యాదు వేగం ఎక్కువైనప్పుడే ఏదైనా తిరిగి వస్తుంది.

మోసం జరగకపోయినా, మెసేజ్ మాత్రమే వచ్చినా సమాచారం ఇవ్వవచ్చు. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగం 2024 మార్చి నుంచి ఇలాంటి అనుమానాస్పద కాల్స్, మెసేజ్‌ల వివరాలు తీసుకుంటోంది. ఫేస్‌బుక్ వాడేవారు తమ పేరుతో నకిలీలు పుట్టకుండా స్నేహితుల జాబితాను దాచుకోవచ్చు. ఆ సంస్థ 2020 మే నెలలో భారత్‌లో తెచ్చిన ప్రొఫైల్ లాక్‌ను వాడితే ఫొటోలు కూడా అపరిచితులకు పెద్దగా కనిపించవు. స్నేహితుల జాబితా దొరకని మోసగాడికి, తెరిచిన నకిలీ ఖాతా నుంచి ఎవరికి మెసేజ్ పంపాలో తెలియదు.